పైథాన్‌లో నేను కట్టిన గ్రీక్స్ బ్రోకర్ చూపించే వాటితో కలవడం లేదు, తప్పెక్కడ?

గోదారిగట్టు · గురువారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నిఫ్టీ వారపు ఆప్షన్లకు గ్రీక్స్ లెక్కగట్టే చిన్న స్క్రిప్ట్ ఒకటి రాసుకున్నాను. బ్లాక్-షోల్స్ ఫార్ములానే, కొత్తదేం కాదు. మార్కెట్ ధర నుంచి ఐవీ తీసి, ఆ ఐవీతో డెల్టా, థీటా, వేగా తీస్తున్నాను. ఫార్ములా మూడుసార్లు సరిచూసుకున్నా, నెట్‌లో దొరికే కాలిక్యులేటర్‌లో అవే అంకెలు వేస్తే నా జవాబులే వస్తున్నాయి. అయినా బ్రోకర్ ఆప్షన్ చైన్ పక్కన పెడితే ఒక్కటీ కలవదు.

ఈరోజు ఉదయం 11 గంటలకు పట్టుకున్న లెక్క ఇది. స్పాట్ సరిగ్గా 25,000 దగ్గర ఉంది. 25,000 స్ట్రైక్ కాల్ 165, పుట్ 170. రెండూ బిడ్, ఆస్క్ మధ్య ధరలే, ఎల్‌టీపీ కాదు. ఎక్స్‌పైరీ వచ్చే మంగళవారం.

```python
T = (expiry - date.today()).days / 365
r = 0.10
d1 = (log(S/K) + (r + iv*iv/2)*T) / (iv*sqrt(T))
```

```
nenu      IV    delta   theta   vega
CE       12.6    0.54   -18.3   11.6
PE       16.0   -0.47   -15.4   11.6

broker    IV    delta   theta   vega
CE       14.1    0.50   -16.1   11.9
PE       14.1   -0.50   -16.1   11.9
```

వేగా ఒక్కటే దగ్గరగా ఉంది. ఐవీ అయితే ఒకటి తక్కువ, ఇంకోటి ఎక్కువ. ఫార్ములా తప్పయితే రెండూ ఒకే వైపు పోవాలి కదా? రెండు రోజులుగా బుర్ర పని చేయడం లేదు. వడ్డీ 10 శాతం ఎందుకంటే నేను చూసిన ప్రతి వీడియోలో అదే పెట్టారు, అంతకు మించి కారణం లేదు.

---

వెంకట్_మాదాపూర్

బ్రో, 365 తీసేసి 252 పెట్టు. మార్కెట్ శని, ఆదివారాలు నడవదు కదా, ఆ రోజుల్ని ఎందుకు లెక్కేస్తున్నావ్. నేను మొదటి నుంచీ 252తోనే చేస్తా. థీటా దెబ్బకి సెట్ అయిపోతుంది.

---

గోదారిగట్టు

పెట్టి చూశాను వెంకట్ గారూ. సంవత్సరపు థీటాని 365కి బదులు 252తో భాగిస్తే కాల్ థీటా -18.3 నుంచి -26.5కి పోయింది. ఇంకా దూరం జరిగింది. ఐవీ మాత్రం కదల్లేదు.

---

లక్ష్మి_భీమవరం

నాకో సందేహం. మీ లెక్కలో కాల్ థీటా 18, పుట్ థీటా 15 అంటున్నారు కదా. అంటే కాల్ అమ్మితే రోజుకి మూడు పాయింట్లు ఎక్కువ మిగులుతాయా? నేను ఎప్పుడూ పుట్లే అమ్ముతుంటాను. రేపటి నుంచి కాల్స్ అమ్మడం మంచిదంటారా?

---

పాతకాపు

లక్ష్మిగారూ, ఆగండి ఆగండి. ఆ మూడు పాయింట్లు మార్కెట్లో లేవు, ఈ అబ్బాయి స్క్రిప్ట్‌లో మాత్రమే ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్తాను, అది చూశాక మీరే వద్దంటారు.

గోదారిగట్టు, నీ ఫార్ములా తప్పు కాదు. కాలిక్యులేటర్‌తో కలిసిందంటే దానికి కూడా నువ్వు అవే అంకెలు తినిపించావు కాబట్టి కలిసింది. తప్పు లోపలికి పోయే అంకెల్లో ఉంది. ఎక్కడుందో నీ టేబులే చెప్తోంది చూడు: ఒకే స్ట్రైక్, ఒకే ఎక్స్‌పైరీ, కానీ కాల్ ఐవీ 12.6, పుట్ ఐవీ 16.0. యూరోపియన్ ఆప్షన్‌లో ఇలా ఉండడానికి వీల్లేదు. నిజంగా అంత తేడా ఉంటే కాల్ కొని, పుట్ అమ్మి, ఫ్యూచర్ అమ్మి ఎవడో ఒకడు క్షణంలో డబ్బు ఏరుకునేవాడు. కాబట్టి కాల్ ఐవీ, పుట్ ఐవీ చెరో వైపు పోయాయంటే ఫార్వర్డ్ ధర తప్పు పెట్టావని అర్థం. గ్రీక్స్ స్క్రిప్ట్ ఎవరు చూపించినా నేను మొదట చూసేది ఈ రెండు అంకెలనే.

ఇప్పుడు నీ ఫార్ములా లోపల ఏం జరుగుతోందో చూడు. స్పాట్ 25,000, వడ్డీ 10 శాతం, 5 రోజులు అన్నావు. అంటే మంగళవారానికి నిఫ్టీ 25,034 అని మోడల్ అనుకుంటుంది. మార్కెట్ ఏమనుకుంటోంది? కాల్ 165, పుట్ 170. పుట్ 5 రూపాయలు ఎక్కువ. అంటే మార్కెట్ దృష్టిలో మంగళవారం ధర 25,000 కంటే 5 తక్కువ, 24,995. నీకూ మార్కెట్‌కీ మధ్య దాదాపు 40 పాయింట్ల తేడా. ఆ తేడాని మోడల్ ఎక్కడో ఒకచోట సర్దాలి, కాబట్టి కాల్ ఐవీని కిందకి నొక్కి, పుట్ ఐవీని పైకి లేపింది. డెల్టా 0.54 వచ్చింది కూడా అందుకే.

వీడియోలో చెప్పే 10 శాతం సంగతి మర్చిపో. స్పాట్ కూడా వాడకు. ఆప్షన్ల ధరల్లోంచే ఫార్వర్డ్ తీసుకో:

```python
F = K + (C - P) * exp(r*T)
```

కాల్, పుట్ ధరలు ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉన్న స్ట్రైక్ దగ్గర ఈ లెక్క చెయ్యి, ఆ F నే చైన్ మొత్తానికి వాడు. ధర ఫార్ములా బ్లాక్-76కి మారుతుంది, అంతే:

```python
def b76(F, K, T, r, s, cp):
    v = s*sqrt(T)
    d1 = log(F/K)/v + v/2
    d2 = d1 - v
    return exp(-r*T)*cp*(F*norm.cdf(cp*d1) - K*norm.cdf(cp*d2))
```

`cp` కాల్‌కి 1, పుట్‌కి -1. ఇందులో వడ్డీ ఇంకా ఉంది కానీ డిస్కౌంట్‌కి మాత్రమే. వారపు ఆప్షన్‌లో 0.06 పెట్టినా 0.10 పెట్టినా ఐవీలో రెండో దశాంశం కూడా గట్టిగా కదలదు, దాని గురించి కొట్టుకోనక్కర్లేదు.

ఇక లక్ష్మిగారు అడిగిన మూడు పాయింట్లు. పాత ఫార్ములాలో థీటాకి వడ్డీ ముక్క ఒకటి తగిలి ఉంటుంది. 25,000 మీద 10 శాతం అంటే ఏడాదికి 2,500, రోజుకి దాదాపు 7 రూపాయలు. అందులో సుమారు 3.65 కాల్ థీటాలోకి నష్టంగా పోయింది, 3.25 పుట్ థీటాలో లాభంగా చేరింది. ఐవీ తేడా ఇంకో వైపు లాగింది కాబట్టి చివరికి మూడే కనబడుతోంది. ఫార్వర్డ్ సరిగ్గా పెడితే రెండు థీటాలూ ఒకటవుతాయి. దీన్ని నమ్మి కాల్స్ అమ్మకండి.

---

లక్ష్మి_భీమవరం

సగం అర్థమైంది, సగం కాలేదు. మొత్తానికి పుట్లే అమ్ముకోమంటారు. సరే.

---

పాతకాపు

నేను ఏదీ అమ్మమనలేదమ్మా 🙏

---

గోదారిగట్టు

పాతకాపు గారూ, కూర్చోబెట్టి చూపించినట్టు చెప్పారు. మార్చి నడిపితే మొదట ఇలా తిట్టింది:

```
TypeError: 'datetime.date' object is not callable
```

అరగంట తల పట్టుకున్నాక తెలిసింది, మార్చేటప్పుడు ఎక్స్‌పైరీ తేదీకి `exp` అని పేరు పెట్టుకున్నాను, పైన `from math import exp` ఉంది. నా తేదీ వచ్చి ఆ ఫంక్షన్‌ని మింగేసింది. పేరు మార్చాక నడిచింది.

ఇప్పుడు కాల్ ఐవీ 14.4, పుట్ ఐవీ 14.4. రెండూ ఒకటే! డెల్టా 0.50, -0.50. అసలు నమ్మలేదు. కానీ థీటా రెండింటికీ -16.7 వస్తోంది, బ్రోకర్ -16.1. ఐవీ కూడా 0.3 ఎక్కువ ఉంది. చిన్న తేడానే కానీ వదలాలని లేదు.

---

సుజాత_హనుమకొండ

మీ మొదటి పోస్టులో `.days` చూసి నవ్వొచ్చింది, ఏడాది కింద నేనూ అక్కడే పడ్డాను. గురువారం నుంచి మంగళవారానికి 5 రోజులు అని తీసుకున్నారు. కానీ మీరు చూసింది ఉదయం 11కి, ఆప్షన్ చచ్చేది మంగళవారం మధ్యాహ్నం 3:30కి. అంటే 5 రోజుల నాలుగున్నర గంటలు, 5.1875 రోజులు. మీరు ఆ నాలుగున్నర గంటలు తినేశారు. సమయం తక్కువ పెడితే అదే ధరకి రావడానికి ఐవీ పెరగాలి, థీటా కూడా పెరగాలి. మీకు రెండూ పెరిగే ఉన్నాయి. ఇంకోటి, మీ కోడ్ మంగళవారం నడిపితే `.days` సున్నా వస్తుంది, సున్నాతో భాగహారం అని ఆగిపోతుంది. అది ఇంకా చూసుకున్నట్టు లేరు.

గంటలు, నిమిషాలతో సహా తీసుకోండి. దానికంటే ముఖ్యం, టైమ్ జోన్ రాయండి:

```python
IST = ZoneInfo("Asia/Kolkata")
now = datetime.now(IST)
end = datetime(y, m, d, 15, 30, tzinfo=IST)
T = (end - now).total_seconds() / (365*24*3600)
```

ఈ టైమ్ జోన్ సంగతి నా సొంత అనుభవం. ల్యాప్‌టాప్‌లో నెల రోజులు చక్కగా నడిచిన స్క్రిప్ట్‌ని క్లౌడ్ సర్వర్‌లో పెట్టాను. సర్వర్ ముంబైలోనే ఉంది కదా అని ధీమా. కానీ మెషీన్ ఎక్కడున్నా లోపల గడియారం యూటీసీలోనే ఉంది. ఉత్తి `datetime.now()` రాస్తే మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక చూపిస్తుంది. వారం మొదట్లో ఏం తెలీలేదు, ఐవీ కొంచెం తక్కువ చూపిస్తోందిలే అనుకున్నా. ఎక్స్‌పైరీ రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి చూస్తే బ్రోకర్ దగ్గర 14 ఉన్న ఐవీ నా దగ్గర 7. అసలు మిగిలింది 2 గంటలు, నా స్క్రిప్ట్ ఏడున్నర గంటలు ఉన్నాయనుకుంటోంది. 2ని 7.5తో భాగించి వర్గమూలం తీస్తే 0.52 దగ్గర వస్తుంది, ఐవీ సరిగ్గా ఆ మేరకే సగమైంది. ఆ రోజు థీటా కూడా తక్కువ చూపించి నన్ను అనవసరంగా పొజిషన్ పట్టుకుని కూర్చోబెట్టింది. ఎంత పోయిందో మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

---

గోదారిగట్టు

సుజాతక్కా, దండాలు. T ని 5.1875 రోజులు చేసి, వడ్డీ 6 శాతం పెట్టాను. ఐవీ 14.1, థీటా -16.1, వేగా 11.9, కాల్‌కీ పుట్‌కీ కూడా. దశాంశంతో సహా బ్రోకర్‌తో కలిసిపోయింది. మీ ఆయన ఈ ఫోరమ్ చూడరనే అనుకుంటున్నా.

---

డల్లాస్_మావయ్య

బాగుంది మీ చర్చ. నాదీ ఇలాంటి గోలే. ఇక్కడ అమెరికాలో ఎస్‌పీవై పుట్లు కొంటుంటాను. ఆరు నెలల దూరంలో ఉన్నవి, బాగా ఇన్ ద మనీవి. నా ఎక్సెల్ షీట్‌లో డెల్టా -0.86 వస్తే బ్రోకర్ -0.92 చూపిస్తాడు. మీరు చెప్పిన ఫార్వర్డ్ పద్ధతి నాకూ పని చేస్తుందా? బ్రోకర్‌కి రాసి అడిగితే మా మోడల్ సరైనదే అని ఒక లైను పంపారు, అంతే.

---

పాతకాపు

మావయ్యా, మీది వేరే జబ్బు. నిఫ్టీ ఆప్షన్లు యూరోపియన్, గడువు రోజునే తేలతాయి. ఎస్‌పీవై ఆప్షన్లు అమెరికన్, ఎప్పుడైనా ఎక్సర్‌సైజ్ చేసుకోవచ్చు. బాగా లోపలున్న పుట్‌ని ముందే ఎక్సర్‌సైజ్ చేసి ఆ డబ్బు మీద వడ్డీ తినొచ్చు కాబట్టి దాని ధర కాస్త ఎక్కువ, డెల్టా కూడా -1కి త్వరగా దగ్గరవుతుంది. మీ ఎక్సెల్ ఆ హక్కుని లెక్కలోకి తీసుకోవడం లేదు. బ్రోకర్ బైనామియల్ ట్రీ లాంటిదేదో వాడుతుండాలి. మీ విషయంలో బ్రోకర్ అంకె వైపే నేనుంటాను. పైగా కాల్, పుట్ తీసేసి ఫార్వర్డ్ రాబట్టడం కూడా అమెరికన్ ఆప్షన్లకి సరిగ్గా కుదరదు, ఆ సమీకరణం యూరోపియన్ వాటికే. ఎస్‌పీఎక్స్ ఆప్షన్లయితే యూరోపియన్, వాటి మీద చేసి చూడండి.

---

డల్లాస్_మావయ్య

ఓహో. నాలుగేళ్లుగా బ్రోకర్‌ని తిట్టుకుంటున్నాను. ఆ తిట్లు వెనక్కి తీసుకోవాలేమో.

---

గోదారిగట్టు · శుక్రవారం ఉదయం 7:40

రాత్రి మొత్తం చైన్ మీద నడిపాను. మధ్య స్ట్రైకులు బాగున్నాయి, కానీ 24,500 కాల్ దగ్గర ఆగిపోయింది:

```
ValueError: f(a) and f(b) must have different signs
```

ఐవీ కోసం `brentq` వాడుతున్నాను, 0.01 నుంచి 3 మధ్య వెతకమన్నాను. బ్రోకర్ చైన్‌లో కూడా కొన్ని లోపలి స్ట్రైకులకి ఐవీ గడి ఖాళీగానే ఉంది.

---

పాతకాపు

ఆ కాల్‌కి ధర ఏది ఇచ్చావు?

---

గోదారిగట్టు

488. చైన్ మొత్తానికి ఒకేసారి తీసుకున్నప్పుడు ఎల్‌టీపీ కాలమ్ తీసుకున్నాను. మొదట మధ్య ధర తీసుకుంది చేత్తో, రెండు ఆప్షన్లకే.

---

పాతకాపు

దొరికింది. ఫార్వర్డ్ 24,995, స్ట్రైక్ 24,500. అస్థిరత సున్నా అనుకున్నా ఆ కాల్ విలువ 495. నువ్వు 488 ఇచ్చి దీనికి సరిపడే ఐవీ వెతకమంటే సాల్వర్ ఎక్కడని వెతుకుతుంది? 0.01 దగ్గరా ధర ఎక్కువే, 3 దగ్గరా ఎక్కువే, రెండు వైపులా గుర్తు ఒకటే, అందుకే ఆ కేక. ఆ 488 ఎప్పుడో ఉదయం నిఫ్టీ కింద ఉన్నప్పుడు జరిగిన లావాదేవీ. లోపలి స్ట్రైకుల్లో చేతులు మారడమే తక్కువ, ఎల్‌టీపీ గంటల తరబడి అలాగే కూర్చుంటుంది. అప్పుడు బిడ్, ఆస్క్ ఎంతున్నాయి?

---

గోదారిగట్టు

చూశాను, 521, 529. మధ్యలో 525.

---

పాతకాపు

చూశావా, 525కీ 488కీ పోలికే లేదు. కానీ నన్నడిగితే ఆ 525ని కూడా ఐవీకి వాడకు. అందులో 495 ఒట్టి లోపలి విలువే, ఐవీ గురించి మాట్లాడేది మిగిలిన 30 మాత్రమే. బిడ్, ఆస్క్ మధ్య దూరం 8. అంటే 30లో 8 అనుమానం. అదే స్ట్రైక్ పుట్ చూడు, 30 దగ్గర ఉంటుంది, బిడ్, ఆస్క్ మధ్య దూరం పైసల్లోనే ఉంటుంది. కాల్ ఐవీ, పుట్ ఐవీ ఒకటే అన్నాం కదా, అందుకని ఫార్వర్డ్ కింద స్ట్రైకులకి పుట్ నుంచి, పైన స్ట్రైకులకి కాల్ నుంచి ఐవీ తీసి, రెండు వైపులా అదే పెట్టు. కాల్ డెల్టా కూడా ఆ ఐవీతోనే.

ధర లోపలి విలువ కంటే తక్కువ ఉంటే `nan` రాసి ముందుకి పొమ్మను. చాలామంది అక్కడ సున్నా రాస్తారు, తర్వాత సగటు తీసేటప్పుడు ఆ సున్నాలు లెక్క చెడగొడతాయి.

---

వెంకట్_మాదాపూర్

సరే నన్ను అందరూ మర్చిపోయారు గానీ, 252 మాట ఇంకా నాదే రైట్. ఆదివారం మార్కెట్ ఎంత కదుల్తుంది? శుక్రవారం సాయంత్రం ధరకీ సోమవారం ఉదయం ధరకీ మధ్య మూడు రోజుల థీటా నిజంగా పడుతుందా? నేను రోజూ చూస్తా, పడదు.

---

పాతకాపు

వెంకటూ, నీ మాటలో సగం నిజం ఉంది, ఆ సగం చాలా మంచి సగం. తప్పు ఎక్కడంటే, నువ్వు తమ్ముడికి ఒక చోటే 252 పెట్టమన్నావు. T ని 365తో కట్టి, థీటాని మాత్రం 252తో భాగిస్తే ఏ గడియారానికీ చెందని అంకె వస్తుంది. ఆయన సరిచేసిన అంకెలతో అలా చేస్తే -23.4 వస్తుంది. 

రెండు చోట్లా ట్రేడింగ్ రోజులు పెట్టి చూద్దాం. గురువారం 11 నుంచి మిగిలింది నాలుగున్నర గంటలు, మార్కెట్ రోజు ఆరుంపావు గంటలు, అంటే 0.72 రోజు. శుక్ర, సోమ, మంగళ కలిపితే 3.72. ఐవీ 13.8 వస్తుంది, థీటా ఒక ట్రేడింగ్ రోజుకి -22.5. క్యాలెండర్‌లో ఐవీ 14.1, థీటా -16.1. డెల్టా మాత్రం రెండింటిలోనూ 0.50నే! ఎందుకంటే డెల్టాకి కావాల్సింది ఐవీని T వర్గమూలంతో గుణించిన మొత్తం ఒక్కటే, అది ధర నుంచే వస్తుంది, గడియారం ఏదైనా మారదు. కాబట్టి హెడ్జింగ్ కోసం డెల్టా చూసేవాడికి ఈ గొడవ అక్కర్లేదు. థీటా చూసి రాత్రికి ఎంత మిగులుతుందని లెక్కేసేవాడికి కావాలి. బ్రోకర్‌తో పోల్చడమే పని అయితే ఈ చైన్ క్యాలెండర్ లెక్కలో ఉందని -16.1 కలవడమే చెప్తోంది.

---

వెంకట్_మాదాపూర్

డెల్టా మారదని తెలీదు, ఒప్పుకుంటున్నా. కానీ వారాంతం సంగతికి మీరు జవాబు చెప్పలేదు.

---

సుజాత_హనుమకొండ

నేను కొన్నాళ్లు శుక్రవారం 3:25కీ సోమవారం 9:30కీ ఐవీలు రాసి పెట్టాను వెంకట్. క్యాలెండర్ గడియారంలో సోమవారం ఐవీ ఎక్కువసార్లు పైకే లేచింది, అంటే అనుకున్నంత థీటా పడలేదని మీ వాదనకి దగ్గరగానే ఉంది. కానీ శుక్రవారం మధ్యాహ్నమే ధర కాస్త ముందుగా తగ్గిన వారాలూ ఉన్నాయి. ఆదివారానికి సున్నా బరువు కాదు, పూర్తి రోజూ కాదు, మధ్యలో ఎక్కడో. ఎంత అనేది నా నోట్‌బుక్‌లో వారం వారం మారింది, ఒక అంకె మీద నిలబడలేదు.

---

పాతకాపు

నా అభిప్రాయమూ అదే. దానికి ఒక స్థిరమైన అంకె ఉందని ఎవరైనా అంటే నమ్మను.

ఇంకోటి, గోదారిగట్టు. మంగళవారం మధ్యాహ్నం 3 తర్వాత నీ గ్రీక్స్‌నీ నమ్మకు, బ్రోకర్ గ్రీక్స్‌నీ నమ్మకు. ఇప్పుడున్న పద్ధతిలో ఇండెక్స్ ముగింపు విలువ చివరి అరగంట సగటు మీద తేలుతుంది, 3:30కి తెర మీద కనబడే చివరి అంకె మీద కాదు. 3:20కి వచ్చేసరికి ఆ సగటులో మూడింట రెండు వంతులు అప్పటికే రాసేసి ఉంటుంది. నిఫ్టీ ఇంకో 30 పాయింట్లు ఎగిరినా సెటిల్‌మెంట్ మీద పడేది ఓ పది. మన ఫార్ములాకి ఈ సంగతి తెలీదు, అది ఆఖరి నిమిషం దాకా గామాని పెంచుకుంటూ పోతుంది.

---

గోదారిగట్టు · శుక్రవారం సాయంత్రం 6:20

అన్నీ మార్చాను. ధరలన్నీ బిడ్, ఆస్క్ మధ్యవే, ఐవీ బయటి వైపు నుంచే. నిన్నటి 11 గంటల అంకెలతో మళ్లీ నడిపితే ఇరవై స్ట్రైకుల్లో దాదాపు అన్నీ బ్రోకర్‌తో కలిశాయి, ఒక్కటి తప్ప.

24,500 పుట్, ధర 30. నా ఐవీ 15.1, బ్రోకర్ ఐవీ కూడా 15.1. కానీ డెల్టా నాకు -0.13, బ్రోకర్‌కి -0.12. ధర, ఐవీ, సమయం అన్నీ ఒకటే అయినప్పుడు డెల్టా ఎలా మారుతుంది?

---

వెంకట్_మాదాపూర్

0.01 తేడాకి ఇంత అవసరమా బ్రో 😀

---

గోదారిగట్టు

మొన్నటిదాకా 0.04 తేడాకే రెండు రోజులు నిద్ర పోలేదు. ఇక ఆగదు.

---

పాతకాపు

వెంకటూ, వంద లాట్లు ఉన్నవాడికి అవసరమే.

రెండు అనుమానాలు. ఒకటి, బ్రోకర్ ఐవీ కాలమ్‌లో ఆ స్ట్రైక్ ఐవీ 15.1 చూపిస్తూ, డెల్టాని మాత్రం మధ్య స్ట్రైక్ ఐవీ 14.1తో కడుతున్నాడేమో. వేసి చూశాను, -0.115 వస్తుంది, గుండ్రంగా -0.12. రెండోది, డెల్టా కాలమ్ కాసేపటి కిందటిదేమో. ఫార్వర్డ్ ఓ 36 పాయింట్లు పైన ఉన్నప్పటి డెల్టా అయినా సరిగ్గా -0.115 వస్తుంది. మొదటిది నిజమైతే దూరపు స్ట్రైకులన్నీ కొద్దో గొప్పో తప్పాలి. నీకు దాదాపు అన్నీ కలిశాయన్నావు కాబట్టి నేను రెండో దాని వైపు మొగ్గుతున్నాను. కానీ బాగా దూరంగా ఉన్న వాటిలో డెల్టా ఎలాగూ 0.01, 0.02 ఉంటుంది, అక్కడ తప్పినా రెండు దశాంశాల్లో కనబడదు. అందుకని గట్టిగా చెప్పలేను.

వేగా చూసి తేల్చలేవు, రెండు సందర్భాల్లోనూ 5.8 వస్తుంది. థీటా చూడు. మొదటిదైతే -7.9 దగ్గర, రెండోదైతే -8.5 దగ్గర ఉండాలి. నీ స్క్రిప్ట్ ప్రకారం అసలు రావాల్సింది -9.3. ఆ స్ట్రైక్‌కి బ్రోకర్ థీటా ఎంత చూపించాడు?

---

గోదారిగట్టు

అదే నా ఖర్మ. బ్రోకర్ చైన్ నుంచి తీసిన సీఎస్‌వీలో మధ్య స్ట్రైకుకి మాత్రమే అన్ని గ్రీక్స్ రాసుకున్నాను. మిగతా వాటికి ఐవీ, డెల్టా రెండే సేవ్ చేశాను. థీటా కాలమ్ లేదు.

సోమవారం 9:15 నుంచి నిమిషానికోసారి అన్ని కాలమ్‌లూ, ప్రతి వరుసకీ టైమ్ స్టాంప్‌తో సహా రాయిస్తాను. ఐఎస్‌టీలోనే అక్కా, భయపడకండి.